తివాచీని తిరగేసి ఫొటో తీయమనండి

ఏలూరు తివాచీ అంటూ ఎవరైనా ఫొటో పంపితే, ముందువైపు అందం చూసి మురిసిపోకండి. ఒక మూల తిరగేసి, దగ్గరగా తీసి పంపమనండి. చేత్తో ముడులు వేసినదైతే వెనక కూడా అదే పువ్వు స్పష్టంగా కనిపిస్తుంది. ముడి ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. మరనేతలో వరసలన్నీ గీత గీసినట్టుంటాయి. వెనక గుడ్డ అతికించి ఉంటే అది ముడుల తివాచీ కాదు, గన్‌తో ఉన్ని గుచ్చినది.

కుచ్చులంటే పడుగు దారాల కొసలే, తివాచీలోంచే రావాలి. అంచుకు కుట్టి ఉంటే అనుమానించాలి. కాకపోతే పాతవాటికి మరమ్మతులో కొత్త కుచ్చులు కుడుతుంటారు, అదొక్కటే చూసి తేల్చలేం. ఎడమ, కుడి పువ్వుల రేకులు పోల్చి చూడండి. చేతిపనిలో తరచూ ఒకటి రెండు ముడుల తేడా దొరుకుతుంది. వెనకవైపు ఫొటో పంపనంటే మాత్రం కొనకండి.