వెటకారం వెనుక వాదన

రాకెట్ చంద్రుడి దాకా వెళ్లగలదన్న మాటను న్యూయార్క్ టైమ్స్ పత్రిక 1920 జనవరి 13న తన సంపాదకీయ పేజీలో ఎగతాళి చేసింది. అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే రాబర్ట్ గొడార్డ్, రాకెట్లను చాలా ఎత్తుకు పంపడం గురించి ఒక నివేదిక రాశారు. స్మిత్సోనియన్ సంస్థ దాన్ని అచ్చువేసింది. అందులో చంద్రుడి ప్రస్తావన కొంచెమే అయినా పత్రికలన్నీ దాన్నే పట్టుకున్నాయి. సంపాదకీయాన్ని కుదించడం నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లు చాలామంది పేరాకో వాక్యం చొప్పున ఏరి సారాంశం అనేస్తారు. ఇక్కడ అలా చేస్తే బోల్తా పడటం ఖాయం. ఎందుకంటే మొదటి పేరా గొడార్డ్‌కు అనుకూలంగా ఉంటుంది. వాతావరణం పై అంచుల దాకా పరికరాలను పంపడానికి ఈ రాకెట్ పనికొస్తుందని ఒప్పుకుంటుంది. చంద్రుడి మాట ఎత్తాకే స్వరం మారుతుంది. సంపాదకీయం ముందుగా ఒప్పుకునే సంగతి చాలాసార్లు అసలు వాదనకు వేసే పీట మాత్రమే. ‘కానీ’, ‘అయితే’ లాంటి మలుపు దాటాక ఏమంటుందో చూడాలి. ఇక్కడ మలుపు తర్వాత వచ్చే వాదన ఇది: గాలి దాటాక రాకెట్‌లోని మందు ఎంత పేలినా దాన్ని ముందుకు నెట్టలేదు, కాబట్టి చంద్రయాత్ర సాగదు.

మరి దీనికి ఆధారం? చర్యకు ప్రతిచర్య ఉంటుందన్న న్యూటన్ సూత్రాన్ని చూపిస్తుంది. ప్రతిచర్య పుట్టాలంటే నెట్టడానికి ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి, శూన్యంలో ఏమీ ఉండదు కదా అంటుంది. తర్వాత జూల్ వెర్న్ నవలను తెస్తుంది. చంద్రుడి చుట్టూ చిక్కుకున్న ప్రయాణికులను ఆయన కూడా ఇలాంటి పేలుడుతోనే బయటపడేశాడనీ, నవలాకారుడు కాబట్టి క్షమించవచ్చనీ అంటుంది. ఇది రెండో ఆధారంలా కనిపిస్తుంది గానీ కాదు. శూన్యంలో పేలుడు పనిచేయదన్న మొదటి మాట నిజమైతేనే వెర్న్‌ది తప్పవుతుంది. అంటే వ్యాసం మొత్తానికి ఉన్నది ఒక్క ఆధారం, అదీ సూత్రానికి రచయిత చెప్పుకున్న అర్థం. ఒక ప్రయోగం గానీ ఒక లెక్క గానీ లేదు.

ఇక మొగ్గు. దీన్ని ఊహించి రాయకూడదు, ఫలానా మాటలో ఉందని వేలుపెట్టి చూపించగలగాలి. ఇక్కడ అది వెటకారంలో దొరుకుతుంది. ఈ ప్రొఫెసర్‌కు చర్య, ప్రతిచర్యల సంబంధం తెలియదనడం అసంబద్ధమని అంటూనే, హైస్కూల్లో రోజూ చెప్పే పాఠం ఆయనకు తెలియనట్టు ‘కనిపిస్తోంది’ అంటుంది. పైపైన చదివినవాడు ‘గొడార్డ్‌కు సూత్రం తెలుసని పత్రిక అంగీకరించింది’ అని రాసేస్తాడు. అర్థం తలకిందులైపోతుంది. భౌతిక నియమాలను కాదనే హక్కు ఐన్‌స్టీన్‌కూ, ఆయన ఎంచుకున్న కొద్దిమందికే ఉందన్న చురక కూడా ఈ కోవలోదే. దానివల్ల వాదనకు బలం పెరగదు, మనిషి స్థాయి మాత్రం తగ్గుతుంది.

మొగ్గు రాయని మాటల్లోనూ ఉంటుంది. గొడార్డ్ శూన్యంలో పరీక్షలు చేసి, అక్కడా రాకెట్‌కు తోపు వస్తుందని అదే నివేదికలో రాశారు. సంపాదకీయం దాని ఊసే ఎత్తలేదు. తెలిసి వదిలేసిందో, నివేదిక చదవనే లేదో మనం చెప్పలేం. ‘ప్రస్తావించలేదు’ అని రాయవచ్చు, ‘దాచిపెట్టింది’ అని రాయకూడదు.

ఇప్పుడు సారాంశం రాద్దాం. ‘గొడార్డ్ రాకెట్ వాతావరణ పరిశోధనకు పనికొస్తుందని ఈ సంపాదకీయం ఒప్పుకుంటుంది. కానీ శూన్యంలో అది ముందుకు సాగదని వాదిస్తుంది. ప్రతిచర్యకు ఎదురుగా పదార్థం ఉండాలన్న అభిప్రాయమే దీనికి ఆధారం. గొడార్డ్‌ను హైస్కూలు పాఠం కూడా తెలియనివాడిగా వ్యంగ్యంగా చిత్రిస్తుంది. ఆయన చేసిన శూన్య ప్రయోగాలను ప్రస్తావించదు.’

‘వాదిస్తుంది’ బదులు ‘వివరిస్తుంది’ అని పెడితే, రాకెట్ శూన్యంలో సాగదన్నది నిజమని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. అలాగని పత్రిక మాట తప్పని కూడా ఈ సారాంశంలో రాయకూడదు. వాయువు వెనక్కి దూసుకుపోవడమే రాకెట్‌ను ముందుకు నెడుతుంది, బయట గాలి అక్కర్లేదు. అపోలో-11 బయలుదేరిన మర్నాడు, 1969 జులై 17న ఆ పత్రికే తన పొరపాటుకు విచారం తెలిపింది. అప్పటికి గొడార్డ్ చనిపోయి దాదాపు 24 ఏళ్లు. ఈ సంగతులు రాయాలనిపిస్తే సారాంశం ముగించి, వేరే పేరాలో, మన వ్యాఖ్యగా రాసుకోవాలి.