ఆ ముప్పై పైసలు ఎవరికి పోతున్నాయి?

నిఫ్టీ ఈటీఎఫ్ ఒకటి కొందామని ఫోన్‌లో యాప్ తెరిస్తే రెండు ధరలు పక్కపక్కన కనిపిస్తాయి. ఇప్పటికిప్పుడు అమ్మాలంటే 249.85 రూపాయలు వస్తాయి, కొనాలంటే 250.15 ఇవ్వాలి. మొదటిది బిడ్, రెండోది ఆస్క్, మధ్యనున్న 30 పైసలు స్ప్రెడ్. అమెరికాలో చదివే పిల్లలకు డాలర్లు కొన్న తల్లిదండ్రులకు ఈ తేడా కొత్త కాదు. మారకం కౌంటర్‌లో కొనే రేటు ఒకటి, అమ్మే రేటు ఒకటి. తేడా అంతా కౌంటర్ వాడి లాభమేనని అక్కడ అనుకుంటాం. ఈటీఎఫ్ విషయంలో మాత్రం ఆ లెక్క సరిపోదు. కౌంటర్ అవతల కూర్చున్నవాడి వైపు నుంచి చూస్తే ఆ 30 పైసల్లో ఎక్కువ భాగం అతని దగ్గర నిలవదు.

ఆ అవతల ఉన్నది మార్కెట్ మేకర్. ఈటీఎఫ్ నడిపే మ్యూచువల్ ఫండ్ సంస్థ ప్రతి ఈటీఎఫ్‌కూ కనీసం ఇద్దరు మార్కెట్ మేకర్లను నియమించుకోవాలని సెబీ 2022 మే నెలలో చెప్పింది. మార్కెట్ తెరిచి ఉన్నంతసేపూ కొనడానికీ అమ్మడానికీ ధరలు పెట్టి కూర్చోవడమే వాళ్ల పని. మీరు 400 యూనిట్లు కొనాలనుకున్న క్షణంలోనే మరొకరు సరిగ్గా 400 అమ్మాలనుకోవడం అరుదు. అంతవరకు ఆగకుండా మీకు అమ్మేది మేకర్.

ఆ ధరలు అతనెలా పెడతాడో చూద్దాం. మొదట కావాల్సింది యూనిట్ అసలు విలువ. ఈటీఎఫ్ చేతిలో ఉన్నది నిఫ్టీలోని 50 కంపెనీల షేర్లే కాబట్టి వాటి ధరలను బట్టి యూనిట్ విలువ కట్టవచ్చు. ఫండ్ సంస్థలు అలా కట్టి చూపించేదే ఐనావ్. ఈక్విటీ ఈటీఎఫ్‌లకు అది 15 సెకన్లకు మించి ఆలస్యం కాకూడదన్నది నియమం. మనకు 15 సెకన్లు లెక్కలోకి రావు, మేకర్‌కు మాత్రం అది చాలా పాత వార్త. అందుకే అతని కంప్యూటర్ నిఫ్టీ ఫ్యూచర్స్‌నూ షేర్ల ధరలనూ నేరుగా చదివి, సెకనులో ఎన్నోసార్లు విలువను తనే కట్టుకుంటుంది. నిఫ్టీ 25,000 దగ్గర ఉందని, యూనిట్ విలువ అందులో నూరో వంతు, అంటే సరిగ్గా 250 రూపాయలని అనుకుందాం. దానికి 15 పైసలు కింద బిడ్, 15 పైసలు పైన ఆస్క్ పెట్టాడు.

ఆ పదిహేను ఎక్కడినుంచి వచ్చింది? సగం జవాబు అతని దగ్గరున్న సరుకులో ఉంది. మనకు అమ్మాలంటే యూనిట్లు ముందే అతని చేతిలో ఉండాలి. 50 షేర్ల బుట్టనో, దానికి సరిపడా డబ్బునో ఫండ్ సంస్థకు ఇచ్చి యూనిట్లు టోకున పుట్టించుకుంటాడు. 50,000 యూనిట్లు తెచ్చుకుంటే కోటీ పాతిక లక్షల సరుకు. నిఫ్టీ పడితే దానితో పాటే అతని సొమ్మూ పడుతుంది. నిఫ్టీ ఎటు పోతుందో ఊహించడం అతని వ్యాపారం కాదు కనుక, దాదాపు అంతే విలువకు నిఫ్టీ ఫ్యూచర్స్ అమ్మి పెట్టుకుంటాడు. మార్కెట్ పడితే యూనిట్ల మీద పోయింది ఫ్యూచర్స్ మీద వస్తుంది, లేస్తే తిరగబడుతుంది. దీన్నే హెడ్జింగ్ అంటారు.

కాగితం మీద ఉన్నంత నునుపుగా ఇది సాగదు. ఫ్యూచర్స్ ఒక్కొక్క యూనిట్‌గా దొరకవు, లాట్లలో కొనాలి. లాటుకు 65 అనుకుంటే 25,000 దగ్గర దాని విలువ 16 లక్షల 25 వేలు, అంటే 6,500 యూనిట్లకు సమానం. మీరు లక్ష రూపాయలు పెట్టి 400 యూనిట్లు కొన్నప్పుడు అతని సరుకు 400 తగ్గింది కానీ ఫ్యూచర్స్ అలాగే ఉన్నాయి. ఆ 400 మేరకు అతను ఇప్పుడు బోసిగా ఉన్నట్టే. మరో పదిహేను మంది మీలాగే కొని, అమ్మినవాళ్లను తీసేయగా నికరంగా 6,500 దగ్గరికి వస్తే ఒక లాటు ఫ్యూచర్స్ తిరిగి కొంటాడు. ఈలోగా మార్కెట్ కదిలితే లాభమో నష్టమో అతనిదే. పైగా ఫ్యూచర్స్ ధరకూ అసలు నిఫ్టీకీ మధ్య తేడా రోజంతా మారుతూనే ఉంటుంది. హెడ్జ్ పెట్టుకున్నా ఆ తేడా మీద పైసలు జారిపోతాయి. ఫ్యూచర్స్ అమ్మిన ప్రతిసారీ సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్ కట్టాలి, ఎక్స్ఛేంజి రుసుములు, స్టాంపు డ్యూటీ ఉండనే ఉన్నాయి. 6,500 యూనిట్ల మీద పదిహేను పైసల చొప్పున చేతికొచ్చేది 975 రూపాయలే. ఈ ఖర్చులన్నీ అందులోంచే పోవాలి.

ఖర్చులొద్దనుకుంటే, అంటే లాటు తిరిగి కొనే పని తప్పించుకోవాలంటే, మేకర్‌కు ఇంకో దారి ఉంది. పొద్దున్నుంచీ కొనేవాళ్లే వచ్చి సరుకు తరిగిపోతుంటే రెండు ధరలనూ కలిపి పైకి జరుపుతాడు. బిడ్ 249.92, ఆస్క్ 250.22. వెడల్పు మారలేదు, చోటు మారింది. అమ్మేవాళ్లకు ఇప్పుడు ఏడు పైసలు ఎక్కువ వస్తాయి కనుక వాళ్లు ముందుకొస్తారు, కొనేవాళ్లు కాస్త తగ్గుతారు. ఐనావ్ కదలకపోయినా ధర కదిలిందంటే చాలాసార్లు కారణం ఇదే. ఎవరో గూడుపుఠాణీ చేస్తున్నారని అనుమానించేవాళ్లు ఉన్నారు. అతను తన గోదాము సర్దుకుంటున్నాడంతే.

ఇప్పుడు మిగతా సగం జవాబు. నా దృష్టిలో అసలు కథ ఇదే. రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేట్ల నిర్ణయం ప్రకటించే రోజు ఉదయం 10 గంటలని ఊహించండి. మార్కెట్ ఎదురుచూడని మాట ఒకటి వచ్చి, క్షణంలో నిఫ్టీ 50 పాయింట్లు లేచింది. యూనిట్ విలువ 250.50 అయింది. మేకర్ పాత ఆస్క్ 250.15 ఇంకా తెర మీదే ఉంది. దాన్ని తీసేయమని అతని కంప్యూటర్ ఆదేశం పంపేలోపు, అంతకంటే వేగమైన యంత్రమున్న ట్రేడర్ ఒకడు 10,000 యూనిట్లు ఎగరేసుకుపోయాడు. యూనిట్‌కు 35 పైసల చొప్పున 3,500 రూపాయల నష్టం. ఆ సొమ్ము తిరిగి రావాలంటే పదిహేను పైసల చొప్పున 23 వేలకు పైగా యూనిట్లు అమ్మాలి. తలా 400 కొనే చిన్న మదుపరులు 58 మందికి పైగా రావాలి, అదీ హెడ్జింగ్ ఖర్చులు లెక్కలోకి తీసుకోకుండానే.

స్ప్రెడ్ వెనకున్న మర్మం ఇక్కడుంది. మీరు జీతం రాగానే కొంటారు, పాప ఫీజు కట్టాల్సినప్పుడు అమ్ముతారు. మరుసటి సెకనులో నిఫ్టీ ఎటు పోతుందో మీ ఆర్డరుకు తెలియదు. వేగగాడి ఆర్డరుకు తెలుసు. తెర మీద ఇద్దరూ ఒక్కలాగే కనిపిస్తారు కనుక ఇద్దరికీ ఒకే ధర పెట్టక తప్పదు. తెలిసినవాడి దగ్గర పోగొట్టుకున్నది తెలియనివాళ్ల దగ్గర రాబట్టుకుంటాడు. లారెన్స్ గ్లాస్టెన్, పాల్ మిల్‌గ్రోమ్ అనే ఆర్థికవేత్తలు 1985లో దీన్ని గణితంగా నిరూపించారు. మేకర్‌కు ఖర్చులు సున్నా అయినా, లాభం అసలే ఆశించకపోయినా, తనకంటే ఎక్కువ తెలిసినవాళ్లు మార్కెట్లో ఉన్నంతకాలం స్ప్రెడ్ ఉండి తీరుతుందన్నది వాళ్లు తేల్చిన విషయం. కాబట్టి మనం కట్టే పదిహేను పైసల్లో మేకర్ కూలి కొంత, పన్నులూ హెడ్జింగూ కొంత, ముఖం తెలియని ఆ వేగగాడికి పరోక్షంగా అందేది కొంత.

అందుకే స్ప్రెడ్ రోజంతా ఒకేలా ఉండదు. ఉదయం 9:15కు మార్కెట్ తెరిచిన మొదటి నిమిషాల్లో 50 షేర్ల ధరలూ ఇంకా కుదురుకోవు, అసలు విలువ ఎంతో మేకర్‌కే నమ్మకం ఉండదు. అప్పుడు దూరంగా జరుగుతాడు. చిన్న కంపెనీల సూచీల మీద నడిచే ఈటీఎఫ్‌లకు సరితూగే ఫ్యూచర్స్ దొరకకపోతే షేర్లతోనే హెడ్జ్ చేసుకోవాలి, కాబట్టి అక్కడ స్ప్రెడ్ ఎప్పుడూ వెడల్పే. 2020 మార్చి 23న మార్కెట్ తెరిచిన కాసేపటికే లోయర్ సర్క్యూట్ తగిలి ట్రేడింగ్ 45 నిమిషాలు ఆగింది, ఆ రోజు చివరికి నిఫ్టీ సుమారు 13 శాతం పడింది. అలాంటి రోజు హెడ్జ్ చేసుకునే చోటే మూతపడుతుంది. హెడ్జ్ లేకుండా ధర పెట్టమని ఎవరినీ బలవంతపెట్టలేం.

వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం మాత్రం స్ప్రెడ్‌లో కనిపించదు. ధర విలువ కంటే మరీ పెరిగితే మేకర్ కొత్త యూనిట్లు పుట్టించి అమ్ముతాడు, ఆ అమ్మకమే ధరను కిందికి లాగుతుంది. ఆ దారి మూసుకుపోతే? విదేశీ షేర్లలో మన మ్యూచువల్ ఫండ్లన్నీ కలిపి పెట్టగల సొమ్ముకు 700 కోట్ల డాలర్ల పరిమితి ఉంది, విదేశీ ఈటీఎఫ్‌లలో పెట్టేందుకు విడిగా మరో 100 కోట్ల డాలర్లు. 2022 ఆరంభంలో మొదటి పరిమితి నిండిపోవడంతో అమెరికా నాస్‌డాక్ 100 సూచీ మీదున్న మన ఈటీఎఫ్‌లకు కొత్త యూనిట్లు పుట్టడం ఆగింది. కొనేవాళ్లు మాత్రం తగ్గలేదు. ఆ తర్వాతి కాలంలో వాటి మార్కెట్ ధర అసలు విలువ కంటే పది శాతం పైన నడిచిన రోజులున్నాయి. తెర మీద స్ప్రెడ్ కొన్ని పైసలే. ధర బాగుందని కొన్నవాళ్లు వంద రూపాయల సరుకుకు నూట పది ఇచ్చారు. దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఫండ్ సంస్థ వెబ్‌సైట్‌లో ఐనావ్ ఉంటుంది, దాని పక్కన ధర పెట్టి చూస్తే చాలు. ఒక శాతం మించి తేడా ఉంటే ఆ పూటకు కొనకండి.

లిమిట్ ఆర్డర్ పెట్టమని అందరూ చెప్పే సలహా మంచిదే. మార్కెట్ ఆర్డర్ పెడితే, 250.15 దగ్గర 300 యూనిట్లే ఉన్నప్పుడు మిగతా వంద పై ధరకు పోతాయి. పెద్దగా లావాదేవీలు లేని ఈటీఎఫ్‌లో ఆ పై ధర రెండు రూపాయలు ఎక్కువ కూడా కావచ్చు. కొందరు మరీ తెలివిగా 250.00 దగ్గర లిమిట్ పెట్టి స్ప్రెడ్ మొత్తం ఎగ్గొట్టామనుకుంటారు. అప్పుడు ధర పెట్టి కూర్చున్నది మీరు, మేకర్ బాధలు మీవి. నిఫ్టీ లేస్తే మీ ఆర్డరు అలాగే ఉండిపోతుంది, పడుతున్నప్పుడే ఎవడో వచ్చి మీకు అంటగడతాడు.

ఒకసారి కొని పదేళ్లు ఉంచుకునేవాళ్లకు లక్షకు 60 రూపాయల ఈ ఖర్చు లెక్కే కాదు, దాని గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. వారం వారం కొని అమ్మేవాళ్ల సంగతి వేరు. కొని అమ్మిన ప్రతిసారీ 0.12 శాతం చొప్పున ఏడాదికి 52 సార్లు కట్టి చూసుకోండి. బ్రోకరేజీ, పన్నులు కలపకుండానే సొమ్ములో ఆరు శాతం పైగా స్ప్రెడ్ కింద పోతుంది.