పెడల్ మీద వాట్లు, ఒంట్లో కేలరీలు

పవర్ మీటర్ బిగించిన సైకిల్ తొక్కి ఆపాక తెర మీద రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి చేసిన పని, కిలోజౌళ్లలో. రెండోది ఖర్చయిన కేలరీలు. చాలా పరికరాల్లో ఈ రెండూ ఇంచుమించు ఒకటే ఉంటాయి. ఒక కేలరీకి 4.184 కిలోజౌళ్లని బళ్లో నేర్చుకున్నవాళ్లకు ఇది తప్పు లెక్కలా అనిపిస్తుంది. నాలుగో వంతు ఉండాల్సింది సమానంగా ఎలా వచ్చింది? సమాధానం మీటర్‌లో లేదు, తొక్కేవాడి ఒంట్లో ఉంది.

ముందు మీటర్ సంగతి. క్రాంక్‌లోనో పెడల్‌లోనో అతికించిన స్ట్రెయిన్ గేజ్‌లు మనం తొక్కినప్పుడు ఆ లోహం ఎంత వంగిందో పట్టుకుంటాయి. లోహం వంపు కంటికి కనపడనంత చిన్నది, కానీ దాన్నిబట్టి ఎంత బలంతో తిప్పుతున్నామో తెలుస్తుంది. ఆ బలాన్ని తిరిగే వేగంతో గుణిస్తే వాట్లు. మంచి మీటర్‌ని సరిగ్గా జీరో చేసి వాడితే పొరపాటు నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు. ఎదురుగాలి, ఎత్తుపల్లాలు, టైర్లలో గాలి, ఇవేవీ ఈ లెక్కను చెడగొట్టవు. అవన్నీ దాటడానికి కాలు ఎంత పనిచేసిందో మీటర్ నేరుగా కొలిచేసింది కదా. వేగాన్నిబట్టీ, గుండె వేగాన్నిబట్టీ కేలరీలు చెప్పే పద్ధతుల కంటే ఇది నమ్మదగినది కావడానికి కారణం అదే.

వాట్ అంటే సెకనుకు ఒక జౌల్. 70 కిలోల మనిషి గంటన్నర సేపు సగటున 150 వాట్లతో తొక్కాడనుకుందాం. గంటన్నరకు 5,400 సెకన్లు. 150ని 5,400తో గుణిస్తే 8,10,000 జౌళ్లు, అంటే 810 కిలోజౌళ్లు. దీన్ని 4.184తో భాగిస్తే దాదాపు 194 కేలరీలు. ఇక్కడ కేలరీ అంటున్నది ఆహార పొట్లాల మీద రాసే కిలోకేలరీనే. ఆ 194 పెడల్‌కు చేరిన శక్తి మాత్రమే. దాన్ని పెడల్ దాకా చేర్చడానికి ఒళ్లు ఎంత ఖర్చు పెట్టిందన్నది వేరే ప్రశ్న.

కండరం పిసినారి కాదు. తిన్న ఆహారంలోని శక్తిని కణాలు ఏటీపీ అనే రూపంలోకి మార్చేటప్పుడే సగానికి పైగా వేడిగా పోతుంది. ఆ ఏటీపీతో కండరం బిగుసుకునేటప్పుడు మిగిలినదాంట్లోనూ పెద్ద వాటా వేడిగానే పోతుంది. చివరికి పెడల్‌కు చేరేది ఐదో వంతుకూ నాలుగో వంతుకూ మధ్య. పెడల్‌కు చేరిన పనిని, ఆ సమయంలో ఒళ్లు మొత్తంగా ఖర్చు పెట్టిన శక్తితో భాగిస్తే వచ్చేదే స్థూల యాంత్రిక దక్షత. బాగా తొక్కడం అలవాటైనవాళ్లలో ఇది సాధారణంగా 20 నుంచి 24 శాతం దాకా ఉంటుంది.

దీన్ని కొలిచేది ప్రయోగశాలలో. ముక్కూ నోరూ కప్పే మాస్క్ పెట్టి, నిలకడగా ఒకే వాట్లతో కొన్ని నిమిషాలు తొక్కిస్తారు. పీల్చిన ఆక్సిజన్‌నూ వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నూ కొలుస్తారు. వాడిన ప్రతి లీటరు ఆక్సిజన్‌కూ ఒంట్లో సుమారు 20 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది. కొవ్వు ఎక్కువగా కరుగుతుంటే కాస్త తక్కువ, పిండిపదార్థం కరుగుతుంటే కాస్త ఎక్కువ. 150 వాట్లంటే నిమిషానికి 9 కిలోజౌళ్ల పని. మన మనిషి నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్ వాడాడనుకుంటే ఖర్చు దాదాపు 41 కిలోజౌళ్లు. 9ని 41తో భాగిస్తే 22 శాతం. ఈ కొలత నిలకడగా, ఊపిరి అందే స్థాయిలో తొక్కినప్పుడే చెల్లుతుంది. అంతకు మించి బలంగా తొక్కితే ఆక్సిజన్ లెక్కకు అందని శక్తి కూడా కలుస్తుంది. అప్పుడు దక్షత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. 194 కేలరీల పనిని 0.22తో భాగిస్తే 880 కేలరీలు. అదే దక్షత 23.9 శాతం అయితే సరిగ్గా 810 వస్తుంది. ఎందుకంటే 4.184తో భాగించి, మళ్లీ 0.239తో భాగిస్తే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మనిషి దక్షత కేలరీకీ కిలోజౌల్‌కూ ఉన్న నిష్పత్తికి దగ్గరగా ఉండటం కాకతాళీయమే, కానీ సైక్లిస్టులకు భలే అనుకూలించింది. ఎన్ని కిలోజౌళ్లో అన్ని కేలరీలని నోటిలెక్కగా చెప్పేసుకోవచ్చు.

కాకపోతే ఆ నోటిలెక్క దాదాపు 24 శాతం దక్షత ఉన్నవాళ్లకే సరిగ్గా సరిపోతుంది. 20 శాతమే ఉన్నవాళ్లకు అదే 810 కిలోజౌళ్లకు 968 కేలరీలు ఖర్చవుతాయి. ఒకే సైకిల్, ఒకే దారి, ఒకే వాట్లు. తేడా దాదాపు 160 కేలరీలు. మీటర్ పొరపాటు దీని ముందు లెక్కలోకే రాదు. ఎవరి దక్షత ఎంతన్నది కొంతవరకు కండరాల తీరునుబట్టి ఉంటుంది. నిదానంగా సంకోచించే తంతువుల వాటా ఎక్కువున్న సైక్లిస్టుల దక్షత కూడా ఎక్కువగా ఉందని ఎడ్వర్డ్ కాయిల్ బృందం 1992లో ప్రచురించింది. దీన్ని అద్దంలో చూసుకుని చెప్పలేం. మాస్క్ పరీక్ష చేయించుకోనివాళ్లు 22 శాతం పెట్టుకుని, ఫలితం అటూ ఇటూ పదో వంతు దాకా మారవచ్చని గుర్తుంచుకోవడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

తొక్కే జోరునుబట్టి కూడా దక్షత మారుతుంది. స్థూల దక్షతలో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే శక్తి, ఖాళీగా కాళ్లు తిప్పడానికే అయ్యే శక్తి కూడా కలిసి ఉంటాయి. 50 వాట్లతో మెల్లగా తొక్కితే ఈ స్థిరమైన ఖర్చు వాటా పెద్దది. అందుకే 150 వాట్ల దగ్గర 22 శాతం చూపిన మనిషే 50 వాట్ల దగ్గర 15 శాతం చుట్టూ ఉంటాడు. తేలికపాటి గేర్‌లో కాళ్లు గబగబా తిప్పితే ఇంకా తగ్గుతుంది. షికారుగా తొక్కేవాళ్లకు కిలోజౌళ్ల నోటిలెక్క అసలు ఖర్చు కంటే బాగా తక్కువ చూపిస్తుంది.

లెక్క వేసేటప్పుడు సగటు వాట్లే వాడాలి, కాలు ఆపి జారిన క్షణాల సున్నాలతో సహా. కొన్ని పరికరాలు నార్మలైజ్డ్ పవర్ అని ఇంకో అంకె కూడా చూపిస్తాయి. అది ఎగుడుదిగుడుగా తొక్కినప్పుడు పడిన శ్రమను అంచనా వేయడానికి పెట్టిన కొలత, సగటు కంటే ఎక్కువ ఉంటుంది. మన మనిషికి అది 170 అనుకోండి, దాన్ని సెకన్లతో గుణిస్తే జరగని పనికి కూడా కేలరీలు వచ్చిపడతాయి.

ఈ అంకెను రోజువారీ తిండి లెక్కలో కలిపేవాళ్లు చూసుకోవాల్సింది ఇంకొకటుంది. 880 కేలరీల్లో ఆ గంటన్నరా ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చు కూడా ఉంది. కిలో బరువుకు గంటకు సుమారు ఒక కేలరీ చొప్పున 70 కిలోల మనిషికి అది 105. రోజుకు 24 గంటల విశ్రాంతి ఖర్చు ముందే లెక్కలో వేసుకుని, దానికి 880 కలిపితే ఆ 105 రెండుసార్లు పడుతుంది. అప్పుడు కలపాల్సింది 775 మాత్రమే.