మొదటి గోల్ పందెంలో కోత ఎందుకెక్కువ?

2022 ప్రపంచకప్ ఫైనల్లో ఎంబాపే మూడు గోల్స్ కొట్టాడు. అయినా ‘మొదటి గోల్’ పందెంలో అతని మీద పెట్టిన డబ్బు 23వ నిమిషంలో, మెస్సీ పెనాల్టీతోనే పోయింది. ‘ఎప్పుడైనా గోల్’ పందెం మాత్రం 80వ నిమిషంలో గెలిచింది.

మొదటి గోల్ ఒక్కరిదే. కాబట్టి ఆటగాళ్లందరి అవకాశాలూ, ‘గోల్ లేదు’తో సహా, కలిపి నూరుకు మించకూడదు. బుక్‌మేకర్ ధరలతో ఒకటిని భాగించి, శాతాలుగా కూడితే మాత్రం మొత్తం తరచు 130 దాటుతుంది.

ఆ అదనం ఇరవైకి పైగా పేర్ల మీద పరుచుకుంటుంది. ఒక డిఫెండర్‌కు నిజమైన అవకాశం నూటికి 1 అనుకుందాం. న్యాయమైన ధర 100. బుక్‌మేకర్ 50 ఇస్తే, అవకాశాన్ని 2గా చూపినట్టు. పెంచింది ఒక్క శాతమే, కానీ రూపాయికి సగటున అర్ధరూపాయి పోతుంది! అంత చిన్న అవకాశం నిజంగా ఒకటా, రెండా అని పందెగాడు తేల్చుకోలేడు.

‘ఎప్పుడైనా’ పందెంలో ఎందరైనా గెలవొచ్చు, అందుకే కూడికతో కోత తెలియదు. 40 శాతం అవకాశమున్న స్ట్రైకర్‌కు న్యాయమైన ధర 2.5. దాన్ని 2.25కి దించితే పోయేది రూపాయికి పది పైసలు. అంతకంటే దించితే జనం వెంటనే పసిగట్టి పక్క బుక్‌మేకర్ దగ్గరికి వెళ్తారు.