మత్తిస్తే రెచ్చిపోయే రోగులు

ఎండోస్కోపీకి ముందు నరంలోకి ఇచ్చే మిడజోలం సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో మనిషిని నెమ్మదింపజేస్తుంది. మాట ముద్దగా మారుతుంది, రెప్పలు బరువెక్కుతాయి, కంగారు పోతుంది. అరుదుగా కొందరిలో దీనికి పూర్తిగా ఎదురు జరుగుతుంది. రోగి అసహనంగా కదులుతాడు, అర్థం లేకుండా అరుస్తాడు లేదా ఏడుస్తాడు, చేతికున్న సూది పీకేసుకుంటాడు, పట్టుకోబోయిన నర్సును తోసేస్తాడు. డాక్టర్లు దీన్ని పారడాక్సికల్ రియాక్షన్, అంటే విరుద్ధ ప్రతిచర్య అంటారు. మిడజోలం, డైజిపాం, లొరాజిపాం, అల్ప్రాజోలం వంటి బెంజోడయాజిపిన్ మందులన్నింటితోనూ ఇది జరగవచ్చు. పెద్దల్లో నూటికి ఒకరికన్నా తక్కువ మందిలోనే కనిపిస్తుందని సాధారణ అంచనా.

ఎందుకిలా జరుగుతుందో ఇంకా పూర్తిగా తేలలేదు. మెదడులో కణాల హడావిడిని తగ్గించే గాబా అనే రసాయనం ఉంటుంది. ఈ మందులు దాని ప్రభావాన్ని పెంచుతాయి. కోపాన్ని, ఆవేశాన్ని అదుపులో ఉంచేది మెదడు ముందు భాగం. మత్తు ముందుగా ఆ అదుపునే సడలిస్తే, మనిషి నిద్రలోకి జారకముందే లోపలి ఆవేశం బయటికి వస్తుందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. రెండు పెగ్గులు పడగానే నెమ్మదస్తుడు గొడవకు దిగడం అందరూ చూసిందే. మద్యమూ గాబా మీదే పనిచేస్తుంది కాబట్టి ఈ పోలిక మరీ దూరమైనదేమీ కాదు.

ఎవరిలో ఎక్కువ? చిన్నపిల్లల్లో, వయసు మళ్లినవారిలో. రోజూ మద్యం తాగే అలవాటు ఉన్నవారిలో. మానసిక జబ్బులున్నవారిలో, ముందు నుంచీ దుడుకు స్వభావం ఉన్నవారిలో. మోతాదు పెరిగేకొద్దీ కూడా ప్రమాదం పెరుగుతుంది. ఒకసారి ఇలా జరిగినవారిలో మళ్లీ జరగవచ్చు. పిల్లల విషయంలో బెంజోడయాజిపిన్‌లే కాదు, జలుబు సిరప్‌లలో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ వంటి అలర్జీ మందులు, ఫిట్స్‌కు వాడే ఫినోబార్బిటాల్ కూడా నిద్రకు బదులు చిందులు తొక్కించవచ్చు. ప్రయాణంలో పిల్లాడు పడుకుంటాడని సిరప్ పట్టించే తల్లిదండ్రులకు రాత్రంతా జాగారమయ్యేది ఇందుకే. ఆ పని అసలు చేయకూడదు.

ఒక ఉదాహరణ. రోజూ మద్యం తాగే 68 ఏళ్ల వ్యక్తికి ఎండోస్కోపీ కోసం 1 మిల్లీగ్రాము మిడజోలం ఇచ్చారనుకుందాం. రెండు నిమిషాలకు మత్తు చాలలేదని మరో మిల్లీగ్రాము ఇచ్చారు. వెంటనే ఆయన లేచి కూర్చుని ట్యూబు లాగేయబోయాడు. మత్తు సరిపోలేదేమోనని మూడో మోతాదు ఇవ్వడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. దానితో గొడవ మరింత ముదరవచ్చు, లేదా ఊపిరి మందగించవచ్చు.

ముందు చూడాల్సింది వేలికి తగిలించిన పరికరంలో ఆక్సిజన్ శాతం. ఆక్సిజన్ పడిపోయినా మనిషి అచ్చం ఇలాగే పెనుగులాడతాడు. ఆ తర్వాత నొప్పి, నిండిన మూత్రాశయం, రక్తంలో చక్కెర తగ్గడం ఒక్కొక్కటిగా చూసుకోవాలి. ఇవేవీ కాకుండా, మందు పడిన కొద్ది నిమిషాల్లోనే మొదలై, మరో మోతాదుతో పెరిగితే విరుద్ధ ప్రతిచర్యను అనుమానించాలి. అప్పుడు మందు ఆపి, రోగి పడిపోకుండా కాపాడుతూ ఉంటే చాలాసార్లు అదే తగ్గిపోతుంది. తగ్గకపోతే విరుగుడు ఫ్లుమాజెనిల్ ఉంది. 0.2 మిల్లీగ్రాముల చొప్పున నరంలోకి ఇస్తే ఒకటి రెండు నిమిషాల్లో రోగి మామూలు మనిషి అవుతాడు. అయితే దాని ప్రభావం మిడజోలం కంటే ముందే తీరిపోతుంది, కాబట్టి మళ్లీ మత్తు కమ్ముతుందేమో గమనిస్తూ ఉండాలి.

ఈ విరుగుడుకు ఒక పెద్ద చిక్కుంది. ఏళ్ల తరబడి నిద్రమాత్రలు వాడేవారికి ఇస్తే ఫిట్స్ రావచ్చు. తెలంగాణలో అల్ప్రాజోలం, డైజిపాం కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారు తాము మాత్రలేవీ వాడడం లేదని నిజాయితీగానే చెబుతారు, కానీ ఒంట్లో అవే మందులు ఉంటాయి. అలాంటివారు ఆసుపత్రిలో చేరి రెండు మూడు రోజులు కల్లు మానేసినా వణుకు, భ్రమలు, ఆవేశం వస్తాయి. అది విరుద్ధ ప్రతిచర్య కాదు, మందు అందక వచ్చిన బాధ. దానికి వైద్యం కూడా వేరు. అందుకే మద్యం గురించే కాదు, కల్లు గురించీ డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి.

తాను చేసిన గొడవ రోగికి చాలావరకు గుర్తుండదు, మిడజోలం ఆ కాసేపటి జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది. కాబట్టి ఏ మందు, ఎంత మోతాదు, ఏం జరిగింది అన్నవి డిశ్చార్జి కాగితంలో రాయించుకునే పని పక్కనున్న బంధువులదే. తర్వాత ఎప్పుడు ఆపరేషన్ జరిగినా, పన్ను పీకించుకున్నా ఆ కాగితం మత్తు డాక్టర్‌కు చూపిస్తే, ప్రొపొఫాల్ వంటి వేరే మందు ఎంచుకోవడానికి వీలుంటుంది.