నల్లని జుట్టులో వెలుగు పాయలు తీయడం

పెళ్లి ఆల్బమ్ తిరగేస్తుంటే చాలా ఫొటోల్లో ఒకటే తంతు. చీర అంచు మీది జరీ పోగులు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటాయి, ముఖం కళకళలాడుతుంది, జుట్టు మాత్రం నెత్తిన తారు పూసినట్టు ఒకే నల్ల ముద్దగా ఉంటుంది. బ్యూటీషియన్ గంటసేపు కష్టపడి ఎత్తుగా దువ్వి, పాయలు పాయలుగా భుజం మీదికి వదిలిన జుట్టే అది. మండపంలో నిండుగా కనిపించింది, ఫొటోలో అణిగిపోయింది.

తప్పు జుట్టుది కాదు. వెలుతురు కెమెరా వైపు నుంచే వచ్చి మీద పడితే నీడలన్నీ వస్తువు వెనక్కి పోతాయి. ఏది ముందుకుందో, ఏది లోపలికి మడిచి ఉందో కంటికి చెప్పేవి ఆ నీడలే. దానికి తోడు ఫొటోగ్రాఫర్ ముఖానికి సరిపడా ఎక్స్‌పోజర్ పెడతాడు. ఆ లెక్కలో నల్లని జుట్టు చీకటి అట్టడుగుకు చేరుతుంది. ఫొటో ఎడిటింగ్‌లో దీన్ని సరిచేసే పాత పద్ధతి డాడ్జ్ అండ్ బర్న్. కొన్నిచోట్ల కాస్త వెలుగు పెంచడం, కొన్నిచోట్ల కాస్త నీడ పెంచడం, అంతే.

పేరు డార్క్‌రూమ్ నాటిది. ఎన్‌లార్జర్ కింద కాగితం మీద వెలుతురు పడుతున్నప్పుడు చిన్న అట్టముక్కను పుల్లకు గుచ్చి అడ్డం పెడితే ఆ చోటు తెల్లగా వచ్చేది, అది డాడ్జ్. మిగతా భాగం కప్పేసి ఒకచోట ఎక్కువసేపు వెలుతురు పోస్తే అక్కడ నల్లబడేది, అది బర్న్. ఫొటోషాప్‌లో ఆ రెండు టూల్స్ బొమ్మలు ఇప్పటికీ పుల్లకున్న బిళ్ల, ముడిచిన చెయ్యి. అట్టను ఒకేచోట ఆపకుండా ఆడిస్తూ ఉండేవారు, లేకపోతే దాని అంచు ప్రింటులో గీతలా పడేది. ఇవాళ మనం మెత్తని బ్రష్ వాడేది కూడా ఆ గీత పడకూడదనే.

బ్రష్ పట్టేముందు జుట్టు మీద వెలుతురు ఎలా ప్రవర్తిస్తుందో తెలియాలి. వెంట్రుక నున్నని గొట్టం లాంటిది. వెలుతురు దాని పైపొర మీద పడి తిరిగొచ్చేటప్పుడు వెంట్రుక వెంబడి సాగదు, జుట్టుకు అడ్డంగా ఒక పట్టీలా మెరుస్తుంది. నూనె రాసి దువ్విన తల మీద నడినెత్తి చుట్టూ కనిపించే మెరుపు వలయం అదే. 2003లో స్టీఫెన్ మార్ష్‌నర్ బృందం వెంట్రుకపై వెలుతురు చెదిరే తీరును కంప్యూటర్ గ్రాఫిక్స్ కోసం లెక్కకట్టింది. పైపొర మీంచి వచ్చే మెరుపుకు దీపం రంగే ఉంటుందని, వెంట్రుక లోపలికి వెళ్లి తిరిగొచ్చే రెండో మెరుపుకే జుట్టు రంగు అంటుతుందని అందులో చూపించారు. నల్లని జుట్టు లోపలికి వెళ్లిన వెలుతురును చాలావరకు మింగేస్తుంది. అందుకే మన జుట్టు మీది మెరుపు దాదాపు రంగులేనిది. ఈ సంగతి తర్వాత అవసరపడుతుంది.

ఇప్పుడు ఒక రిసెప్షన్ ఫొటో తీసుకుందాం. నడుము వరకు తీసిన పోర్ట్రెయిట్. మధ్య పాపిడి, వదిలేసిన జుట్టును కుడి భుజం మీంచి ముందుకు వేసుకుంది అమ్మాయి. చెవి పక్కన మల్లెపూలు. 24 మెగాపిక్సెళ్ల ఫైలు, అంటే అడ్డం 4000, నిలువు 6000 పిక్సెళ్లు. ముక్కు నీడ ఫొటోలో కుడివైపుకు, కొంచెం కిందికి పడుతోంది, అంటే వెలుతురు ఫొటోకు ఎడమపక్క పైనుంచి వస్తోంది. ఇక జుట్టులో వేసే ప్రతి వెలుగూ ఈ ముక్కు నీడ మాట వినాల్సిందే. F8 నొక్కి Info ప్యానెల్ తెరిచి జుట్టు మీద మౌస్ ఆడిస్తే, నడినెత్తి దగ్గర 45, భుజం మీద పడ్డ పాయల్లో 20 నుంచి 30, మెడ పక్కన 12 చూపిస్తోంది. 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు.

చాలామంది నేర్చుకునే పద్ధతి 50 శాతం బూడిద రంగు నింపిన కొత్త లేయర్ వేసి, దాన్ని Overlay మోడ్‌లో పెట్టి, తెల్ల బ్రష్‌తో వెలుగు, నల్ల బ్రష్‌తో నీడ దిద్దడం. చర్మానికి అది బాగానే పనిచేస్తుంది. నల్లని జుట్టు దగ్గరే తన్నుతుంది, కారణం లెక్కలో ఉంది. Overlay చీకటి భాగాన్ని గుణించి పెంచుతుంది, కలిపి కాదు. పూర్తి తెలుపు పూసినా చీకటి విలువ రెట్టింపు దాటదు. 20 ఉన్న పాయ 40 దగ్గర ఆగిపోతుంది, 12 ఉన్నది 24 దగ్గర. మెత్తని బ్రష్‌తో నాలుగైదు శాతమే పూస్తే అసలు మార్పే కనిపించదు. ఏమీ జరగడం లేదని బ్రష్ బలం పెంచుతారు, అది పక్కనే ఉన్న నుదుటి మీదికి కాస్త ఒలుకుతుంది, నుదురు భగ్గున వెలుగుతుంది. జుట్టు మాత్రం ఎక్కడిదక్కడే.

అందుకే ఇక్కడ రెండు Curves లేయర్లు మేలు. మొదటిది వెలుగుది. గీతలో చీకటి భాగం దగ్గర, Input 30 ఉన్నచోట చుక్క పెట్టి Output 75కి ఎత్తాలి. పైభాగం పెద్దగా కదలకుండా ఇంకో చుక్క పెట్టుకోవచ్చు. రెండోది నీడది: Input 60ని 38కి దించాలి. రెండు లేయర్లకూ బ్లెండ్ మోడ్ Luminosity పెట్టాలి. ఇందాక చెప్పిన రంగులేని మెరుపు గుర్తుందా? Normal మోడ్‌లో ఎత్తితే చీకట్లో దాగిన ఎర్రజీర కూడా పైకి తేలుతుంది, పెళ్లికూతురికి హెన్నా పెట్టినట్టవుతుంది. తర్వాత ఒక్కో మాస్క్‌ను ఎంచుకుని Ctrl+I నొక్కితే మాస్క్ నల్లబడి ఆ లేయర్ ప్రభావం పూర్తిగా దాక్కుంటుంది. తెల్ల బ్రష్‌తో ఎక్కడ పూస్తే అక్కడే బయటపడుతుంది.

బ్రష్ Hardness 0, Opacity 100, Flow మాత్రం 3 లేదా 4. Opacity ఒక గీతకు పరిమితి పెడుతుంది, Flow ఒకే గీతలోనూ పొర మీద పొర పేరుస్తుంది. జుట్టుకు కావలసింది ఆ పేర్చడమే.

మొదట పెద్ద బ్రష్, 400 పిక్సెళ్ల వెడల్పు. ఈ దశలో పాయల సంగతే వద్దు. తల ఒక గుండ్రని వస్తువు, అది ముందు తెలియాలి. వెలుగు మాస్క్ మీద నడినెత్తికి ఎడమపక్క, ఇప్పటికే సన్నగా మెరుస్తున్నచోట రెండు మూడుసార్లు తిప్పాలి. లేని మెరుపును కొత్తగా పుట్టించడం కన్నా ఉన్నదాన్ని పెంచడం ఎప్పుడూ నమ్మకంగా కనిపిస్తుంది. భుజం మీంచి జారే జుట్టు బయటికి ఉబ్బినచోట ఇంకొకసారి. నీడ మాస్క్ మీద కుడి కణత పక్క, చెవి వెనక, మెడకూ జుట్టుకూ మధ్యన. మెడ దగ్గర 12 ఉన్నచోట మరీ దించే పని లేదు, దాని అంచులో ఉన్న 25ను కొంచెం దించితే చాలు. ముఖం ముందుకొచ్చి జుట్టు వెనక్కి వెళుతుంది. పాపిడికి ఆనుకుని కుదుళ్ల దగ్గర సన్నని నీడ వేస్తే అక్కడినుంచి జుట్టు పైకి లేచినట్టుంటుంది. జుట్టు నిండుగా కనిపించడంలో సగం పని ఈ కుదుళ్ల నీడదే. పాపిడిలో మాడు తెల్లగా కనిపిస్తే జుట్టు పలచగా ఉన్నట్టే అనిపిస్తుంది కాబట్టి, అక్కడ కూడా అదే బ్రష్‌ను చిన్నదిగా చేసి ఒక్కసారి పోనివ్వచ్చు.

తర్వాత పాయలు. బ్రష్ ఒక పాయ వెడల్పులో సగానికి, అంటే 40 పిక్సెళ్లకు దించాలి. ప్రతి పాయలోనూ మధ్య ఉబ్బు మీద వెలుగు, రెండు పాయలు కలిసే సందులో నీడ. గీత ఎప్పుడూ వెంట్రుక సాగిన దారినే పోవాలి, కానీ పాయ పొడుగంతా పోకూడదు. మెరుపు అడ్డపట్టీ అన్నాం కదా, పాయ వంపు తిరిగిన చోటే మెరిసి రెండు వైపులా కరిగిపోవాలి. పెన్ టాబ్లెట్ ఉంటే ఒత్తిడితో అది దానంతటదే వస్తుంది. మౌస్‌తో చేసేవాళ్లకు ఒక ఉపాయం ఉంది: మొదటి గీత పొడుగ్గా, దాని మీద రెండోది కాస్త పొట్టిగా, మూడోది నడుమ మాత్రమే. కొసలు పలచగా, నడుమ దట్టంగా పేరుకుంటుంది. ఈ దశ అయ్యాక మాస్క్ Properties‌లో Feather 5 పిక్సెళ్లు పెడితే చేతి వణుకు కలిసిపోతుంది.

చివరగా 6 పిక్సెళ్ల బ్రష్‌తో విడి వెంట్రుకలు, పది పదిహేను చాలు. వీటికి విడిగా ఇంకో Curves లేయర్ పెట్టుకోవాలి, లేకపోతే ఆ Feather వీటినీ మసకబారుస్తుంది. నిజానికి హడావిడిలో ఉన్నవాళ్లు ఈ దశను వదిలేసినా ఎవరూ గమనించరు. కుదుళ్ల నీడ వదిలేస్తే మాత్రం చేసిన పనంతా బోసిపోతుంది.

ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? ఫొటోను వేలెడంత చిన్నది చేసి చూడాలి. అమ్మాయి ముఖం కన్నా ముందు జుట్టు కనిపిస్తే దించాల్సిందే. Alt పట్టుకుని మాస్క్ మీద నొక్కితే మనం పూసింది ఒక్కటే నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. గీతలన్నీ ఒకే వెడల్పులో, ఒకే ఎడంలో ఉంటే జుట్టు చారలు పడుతోందని అర్థం. కొన్ని పాయలు కలిపేసి, కొన్నింటిని పూర్తిగా చీకట్లో వదిలేయాలి. మరో లోపం జుట్టు బూడిద చల్లినట్టు పాలిపోవడం. వెలుగు సందుల్లోకి కూడా పాకితే అలా అవుతుంది. వెలుగును తగ్గిస్తే పోదు, సందుల్లో నలుపును తిరిగి తేవాలి: వెలుగు మాస్క్ మీద నల్ల బ్రష్‌తో ఆ సందులు తుడిచేయడమే.

కొన్ని ఫొటోలను ఈ పద్ధతి కాపాడలేదు. Info ప్యానెల్ జుట్టంతా 0, 2, 3 చూపిస్తుంటే అక్కడ ఎత్తడానికి వెంట్రుకలే లేవు. బలవంతంగా ఎత్తితే జేపెగ్ ఫైలులో గళ్లు, రంగురంగుల చుక్కలు బయటపడతాయి. రా ఫైలు ఉంటే దాన్ని తెరిచి ముందు Shadows పెంచి, 16 బిట్‌లో ఫొటోషాప్‌కు తెచ్చుకుంటే కొంత ఆశ ఉంటుంది. అలాగే డాడ్జ్ అండ్ బర్న్ తల చుట్టుకొలతను పెంచదు. జుట్టు బయటి గీత నెత్తికి అంటుకుని ఉంటే లోపల ఎంత వెలుగు నీడలు ఆడించినా ఎత్తు రాదు. దానికి Liquifyతో ఆ గీతను ముందే కాస్త పైకి జరుపుకోవాలి, వెలుగు నీడలు ఆ తర్వాతే.

ఆల్బమ్‌కు వెళ్లే ఫొటో అయితే ఇంకొక్క మాట. స్క్రీన్ తనే వెలుగుతుంది, కాగితం వెలగదు. స్క్రీన్ మీద విడివిడిగా కనిపించిన చీకటి పాయలు ప్రింటులో మళ్లీ కలిసిపోతుంటాయి. తల భాగం మాత్రం కత్తిరించి, వెలుగు లేయర్ Opacity 60, 80, 100 పెట్టి మూడు ముక్కలు ఒకే 4×6 కాగితం మీద ల్యాబ్‌లో ప్రింటు తీయించి, పగటి వెలుతురులో పట్టుకు చూసి, బాగున్న అంకెనే ఆల్బమ్ షీట్లన్నిటికీ పెట్టుకోవచ్చు.