ఛార్జర్ ఆగిన రాత్రి మోగని ఫోన్

హైదరాబాద్‌లో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కథ ఇది. వానాకాలంలో సెల్లార్‌లోకి నీళ్లు చేరకుండా అక్కడ ఒక గుంట తవ్వి, అందులో మోటారు, ఫ్లోట్ స్విచ్ పెట్టారు. నీటిమట్టం పెరిగితే ఫ్లోట్ పైకి లేస్తుంది, వాచ్‌మన్ ఫోన్‌లోని యాప్‌కు అలర్ట్ వెళ్తుంది. కరెంటు లేకపోతే ఆయనే జనరేటర్ వేసి మోటారు నడపాలి.

ఒక రాత్రి కుండపోత వానలో కరెంటు పోయింది, అలర్ట్ మాత్రం రాలేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చి కాలు కింద పెడితే చీలమండ దాకా నీళ్లు. వాచ్‌మన్ కుటుంబం ఉండే గది కూడా సెల్లార్‌లోనే ఉంది మరి. స్కూటర్లు తడిశాయి, పిల్లల పుస్తకాలు నానిపోయాయి.

"ఫోన్ మోగలేదు సార్, ఒట్టు" అన్నాడాయన. జీతం కోయాలన్నారు కొందరు. మూడో అంతస్తులో ఉండే ఇంజినీరు ఒకావిడ ముందు ఫోన్ చూద్దామన్నారు. యాప్ లెక్క ప్రకారం అలర్ట్ 2:10కి బయల్దేరింది. ఫోన్‌లో కనబడింది మాత్రం 4:35కి, ఆయన స్క్రీన్ వెలిగించాక. సెన్సర్, ఇన్వర్టర్ మీద నడిచే రౌటర్ బాగానే పనిచేశాయన్నమాట. తప్పు ఫోన్ నిద్రలో ఉంది.

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఫోన్లకు ఈ అలవాటు ఉంది. ఛార్జింగ్ లేకుండా, స్క్రీన్ ఆరి, కదలకుండా పడి ఉంటే బ్యాటరీ మిగల్చడానికి యాప్‌ల నెట్ పనులను వాయిదా వేస్తాయి. అత్యవసరం అని గుర్తు పెట్టి పంపిన సందేశాన్ని ఆపవు గానీ, ఈ యాప్ మామూలు సందేశమే పంపేది. రోజూ రాత్రి ఫోన్ ఛార్జర్‌కే ఉండేది కాబట్టి ఇన్నాళ్లూ ఇబ్బంది రాలేదు. ఆ రాత్రి కరెంటుతో పాటే ఛార్జింగూ ఆగింది. అలర్ట్ అవసరమయ్యేది కరెంటు పోయినప్పుడే, మూగబోయేదీ అప్పుడే! అంతకుముందు పరీక్షలన్నీ పగలు, ఫోన్ చేతిలో పట్టుకుని చేసినవే.

జీతం కోయలేదు, అదే సరైన పని. ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆంక్ష తీసేశారు. అంతటితో ఊరుకోకుండా రెండో ఫ్లోట్ స్విచ్ పెట్టి, ఫోన్‌తో సంబంధం లేకుండా 12 వోల్టుల బ్యాటరీ మీద మోగే సైరన్‌కు వైరు లాగారు. సిమ్ ఉన్న చిన్న డయలర్ కూడా బిగించారు. అది సందేశం పంపదు, కాల్ చేస్తుంది. వాచ్‌మన్ ఎత్తకపోతే సెక్రటరీకి, ఆ తర్వాత ఆ ఇంజినీరుకు. సెల్ టవరే పనిచేయకపోతే సైరన్ ఒక్కటే దిక్కు. అందుకే అది గేటు దగ్గర కాకుండా మెట్ల మధ్య, అందరికీ వినబడేలా ఉంది. వాచ్‌మన్ గదిని కూడా పైకి, పార్కింగ్ అంతస్తులోకి మార్చారు. నన్నడిగితే మొదట చేయాల్సింది అదే.

మీ దగ్గరా ఇలాంటి అలర్ట్ ఉంటే ఒక రాత్రి ఛార్జర్ తీసేసి, ఫోన్‌ను గంటకు పైగా కదపకుండా ఉంచి, అప్పుడు ఫ్లోట్ లేపి చూడండి.